ఒకే బండి, రెండు రకాల బ్యాటరీలు: ఆరేళ్ల తర్వాత నా లెక్క

నా ఎలక్ట్రిక్ స్కూటర్‌కి ఆరేళ్లు దాటాయి. మొదటి 27 నెలలు లెడ్ యాసిడ్ మీద, ఆ తర్వాత నాలుగేళ్లు లిథియం మీద నడిపాను. నెలకు 26 రోజులు, రోజుకు 28 కిలోమీటర్లు. బండీ దారీ మారలేదు కాబట్టి తేడా ఎంతో బాగానే తెలిసింది.

బండితో వచ్చినవి 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఐదు, మొత్తం 60 వోల్టులు, 20 ఆంపియర్ అవర్. బరువే 35 కిలోలు. కొత్తలో 40 కిలోమీటర్లు వచ్చేది. ఏడాది దాటేసరికి ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలోనే బండి నీరసించిపోయేది. ఛార్జింగ్ మాత్రం మామూలు కంటే ముందే అయిపోయేది. అదేదో మంచి లక్షణం అనుకున్నాను. బ్యాటరీలో పట్టే చోటే తగ్గిపోయిందని అప్పుడు తట్టలేదు.

మెకానిక్ ఐదింటినీ విడదీసి మల్టీమీటర్ పెడితే అన్నీ 12.7 పైనే చూపించాయి. "ఇలా చూస్తే ఏమీ తెలీదు సార్, లోడ్ పెట్టాలి" అని ఒక్కోదానికి రెండు హెడ్‌లైట్ బల్బులు తగిలించాడు. ఇరవై నిమిషాల్లో నాలుగు 12.2 దగ్గర నిలబడ్డాయి. మూడోది మాత్రం 10.1కి జారిపోయింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఐదూ వరసగా కలిపినవి కాబట్టి అన్నింటి గుండా ఒకే కరెంటు పోతుంది. బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది. కంట్రోలర్ చూసేదేమో మొత్తం వోల్టేజీ మాత్రమే. నాలుగు 12 దగ్గర ఉండి ఒకటి 8కి పడినా మొత్తం 56 అవుతుంది. బండి ఆగాల్సింది 52 దగ్గర కాబట్టి నడుస్తూనే ఉంటుంది, ఆ ఒక్కటీ ఇంకా చితికిపోతుంది.

ఆ ఒక్కదాన్నే మార్చాను, అది తప్పయింది. ఛార్జర్‌కీ మొత్తమే కనిపిస్తుంది. పాతవి తొందరగా నిండి, కొత్తది నిండేదాకా వేడెక్కుతూ కూర్చున్నాయి. రెండు నెలల్లో ఇంకొకటి పోయింది. మొత్తం సెట్టు మార్చేసరికి 16 నెలలయ్యాయి.

రెండో సెట్టు 11 నెలలే వచ్చింది. ఈసారి తప్పంతా నాదే. ఛార్జింగ్ దాదాపు అడుగంటిన బండిని అలాగే వదిలేసి మూడు వారాలు ఊరెళ్లాను. లెడ్ యాసిడ్ ఖాళీగా ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత ఛార్జ్ చేసినా అది పూర్తిగా కరగదు.

అప్పుడు లిథియం వేయించాను. ఫాస్ఫేట్ రకం, 20 సెల్స్, 24 ఆంపియర్ అవర్, 14 కిలోలు. లోపల ఉండే బీఎంఎస్ అనే సర్క్యూట్ ప్రతి సెల్‌నీ విడిగా చూస్తుంది. ఏ ఒక్కటి బాగా కిందికి పడినా కరెంటు ఆపేస్తుంది. నా మూడో నంబరు బ్యాటరీకి ఇలాంటి కాపలా ఉంటే ఇంకొన్నాళ్లు బతికేది. ఛార్జర్ కూడా మార్చాను. పాతదాని ఆఖరి వోల్టేజీ కూడా 73 చుట్టుపక్కలే కాబట్టి సరిపోతుందనిపిస్తుంది. కానీ అది నిండాక కూడా కొద్దికొద్దిగా పంపుతూనే ఉంటుంది, లిథియానికి అది అక్కర్లేదు.

కొత్తలో 62 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 55 వస్తోంది. నా 28 కిలోమీటర్లకు సగానికి అటూ ఇటూగానే ఖాళీ అవుతుంది. పాత సెట్టును రోజూ 70 శాతం పిండేవాణ్ని. ఆయుష్షులో తేడాకు లిథియం ఒక కారణమైతే ఇది రెండోది. రోజూ ఐదారు కిలోమీటర్లే తిరిగేవాళ్లకి లెడ్ యాసిడ్ నా దగ్గర కంటే ఎక్కువ కాలమే వస్తుంది, నిండుగా ఉంచుకుంటే.

ఇక ఖర్చు. ఒక లెడ్ సెట్టు ధరను 1 అనుకోండి. పాతవి ఇస్తే సీసానికి విలువ కట్టారు కాబట్టి రెండో సెట్టు 0.8కే వచ్చింది. మధ్యలో మార్చిన ఒక్కటి 0.2. అంటే 27 నెలలకు 2. లిథియం ఛార్జర్‌తో కలిపి 3 అయింది. నా పాత తీరున అయితే ఈ 48 నెలలకు మూడున్నర పైన అయ్యేది. అంటే లిథియం పెట్టుబడి తిరిగి రావడానికి నాకు మూడేళ్ల నాలుగు నెలలు పట్టింది. ఏడాదిలో వచ్చేస్తుందన్న మాటలు నేనూ విన్నాను, నమ్మాను కూడా. అప్పటిదాకా బండి ఉంచుకోనివాళ్లకి ఆ లాభం చేతికి రాదు.

లిథియంతో నాకున్న ఫిర్యాదు మీటరే. లెడ్ యాసిడ్ అయిపోయే ముందు బండి మెల్లగా నీరసించి చెప్పేది. ఇది దాదాపు ఆఖరిదాకా అదే జోరుతో లాగుతుంది. వోల్టేజీ పెద్దగా కదలదు కాబట్టి పాత మీటర్‌లో గీతలు నిండుగానే ఉంటాయి. ఒకసారి రెండు గీతలు చూపిస్తూండగానే ఎత్తు మీద టక్కున ఆగిపోయింది. కిలోమీటరున్నర నెట్టుకొచ్చాను. అప్పట్నుంచి గీతల్ని వదిలేసి, ఛార్జింగ్ తీసినప్పుడల్లా ట్రిప్ మీటర్ సున్నా చేసి 45 దాటనివ్వడం లేదు.