పిల్లల చదువు యాప్‌కి అమ్మానాన్నల అనుమతి: ఓటీపీ, డిజిలాకర్, బడి కాగితం... ఏది మేలు?

ఒక బడిలో పేరెంట్స్ మీటింగ్ జరుగుతోంది. ఎనిమిదో తరగతి పిల్లాడు వాళ్ల నాన్న ఫోనులో లెక్కల యాప్ తెరిచాడు. "తల్లి లేదా తండ్రి ఫోన్ నంబరు" అన్న గడిలో నాన్న నంబరు కొట్టాడు. ఓటీపీ అదే ఫోనుకి వచ్చింది. వాడే చూసి, వాడే కొట్టేశాడు. "మీ తల్లిదండ్రుల అనుమతి అందింది" అని తెర మీద పచ్చ టిక్కు పడింది. నాన్న రెండడుగుల దూరంలో టీచరుతో మాట్లాడుతున్నాడు, ఆయనకి ఏమీ తెలియదు. నేను ఇలాంటి యాప్‌లు తయారుచేసే పనిలోనే ఉన్నాను. మేమూ అప్పటిదాకా ఆ పద్ధతే పెట్టుకున్నాం కాబట్టి ఆ టిక్కు చూసి నాకు నిజంగా సిగ్గేసింది.

మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. అమెరికాలో ఇలాంటి చట్టం 13 ఏళ్లలోపు వాళ్లకే వర్తిస్తుంది. మన దగ్గర ఇంటర్ రెండో ఏడాది చదివేవాళ్లలో చాలామంది కూడా ఈ లెక్కలోకే వస్తారు. వాళ్ల వ్యక్తిగత డేటా తీసుకోవాలంటే ముందుగా తల్లి లేదా తండ్రి అనుమతి కావాలి, అది సరిచూడగలిగిన అనుమతి అయ్యుండాలి. పిల్లల కదలికల మీద నిఘా పెట్టకూడదు, వాళ్లని గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. పిల్లల డేటాకి సంబంధించిన భాగం అమలుకి 18 నెలల గడువు ఇచ్చారు. కాబట్టి ఇప్పుడు యాప్ కడుతున్నవాళ్లు ఏ దారి ఎంచుకోవాలో ఇప్పుడే తేల్చుకోవాలి.

మొదట ఓటీపీ సంగతి. కట్టడం తేలిక, ఖర్చు తక్కువ, అందరికీ అలవాటే. కానీ ఓటీపీ రుజువు చేసేది ఒక్కటే: ఆ నంబరున్న ఫోను ఇప్పుడు ఎవరి చేతిలోనో ఉంది. ఆ చెయ్యి ఎవరిదో అది చెప్పలేదు. మన ఇళ్లలో చాలాచోట్ల ఒకే ఫోను ఉంటుంది. సాయంత్రం నాన్న పనినుంచి రాగానే అది పిల్లల చేతికి పోతుంది. అంటే చదువు యాప్ వాడే వేళకి ఓటీపీ వచ్చేది పిల్లల దగ్గరికే. దీన్ని కనిపెట్టడం కూడా కష్టమేం కాదు. ఓటీపీ పంపిన సమయానికి, అది తిరిగి వచ్చిన సమయానికి మధ్య తేడా చూడండి. పేజీడు అనుమతి పత్రం కింద పది సెకన్లలో "ఒప్పుకుంటున్నాను" పడిందంటే దాన్ని ఎవరూ చదవలేదు. ఎక్కువ ఖాతాలు ఇలాగే ఉంటే మీ దగ్గరున్నవి తల్లిదండ్రుల అనుమతులు కావు, పిల్లలు తమకి తామే ఇచ్చుకున్న అనుమతులు.

డిజిలాకర్ దారి దీనికంటే గట్టిది. నియమాలు కూడా దీన్ని ప్రస్తావించాయి. తల్లి లేదా తండ్రి తన ఖాతాతో లోపలికి వెళ్లి ఒప్పుకుంటే, "ఈ మనిషి పెద్దవారే" అని తెలిపే టోకెన్ యాప్‌కి వస్తుంది. ఆధార్ కాపీ మన సర్వర్లో పడి ఉండదు, అది పెద్ద మేలు. చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఒకటి, పెద్దవారని తేలుతుంది గానీ ఈ పిల్లకి తల్లో తండ్రో అన్నది తేలదు. రెండోది ఇంకా మామూలు చిక్కు: డిజిలాకర్‌లో ఆధార్‌తో నిర్ధారించుకునే ఓటీపీ వెళ్లేది ఆధార్‌కి కలిపిన నంబరుకి, అదేమో ఎప్పుడో మారిపోయి ఉంటుంది. ముఖ్యంగా అమ్మల విషయంలో, పెళ్లికి ముందు పుట్టింట్లో ఇచ్చిన నంబరే అందులో మిగిలిపోవడం మామూలే. ఆ ఓటీపీ ఇప్పుడు వాళ్లకి రాదు. నాన్న గల్ఫ్‌లో ఉండి, పిల్లలు అమ్మమ్మ దగ్గర చదువుకునే ఇళ్లలో అయితే ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. గట్టి తాళం పెట్టాం సరే, ఇంటివాళ్లే లోపలికి రాలేకపోతే ఎలా?

ఇక మూడోది బడి కాగితం. మిగిలిన రెండింటికీ లేని బలం దీనికి ఉంది. ఈ పిల్లకి అమ్మానాన్నలు ఎవరో బడికి తెలుసు. అడ్మిషన్ రిజిస్టర్లో పేర్లుంటాయి, క్లాస్ టీచరు మొహం చూసి గుర్తుపడతారు. అయితే ఈ బలాన్ని వాడుకోవడంలోనే మోసం జరిగే వీలుంది. ఫీజు రసీదు, బస్సు ఫారం, ఫొటో అనుమతి అన్నీ ఒక కట్టగా ఇచ్చి "ఇక్కడ సంతకం పెట్టండి" అంటే, ఆ సంతకం యాప్‌కి అనుమతి అనిపించుకోదు. అమెరికాలో ఎడ్‌మోడో అనే క్లాసురూమ్ యాప్ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో చర్య తీసుకున్నది ఇలాంటి వ్యవహారం మీదే. అనుమతుల భారమంతా బళ్ల మీద, టీచర్ల మీద నెట్టేసింది, ఏం సేకరిస్తున్నదో వాళ్లకి సరిగా చెప్పలేదు, పైగా ఆ డేటాను ప్రకటనలకి వాడుకుందన్నది అభియోగం. 60 లక్షల డాలర్ల జరిమానా పడింది. "బడి ఒప్పుకుంది కదా" అన్న మాట అక్కడ చెల్లలేదు.

ఇక్కడ మన నియమాల్లో ఒక మెలిక ఉంది. విద్యాసంస్థలకి కొంత మినహాయింపు ఇచ్చారు: తమ చదువు పనుల కోసం, లేదా తమ దగ్గరున్న పిల్లల భద్రత కోసం చేసే పరిశీలన వరకు. ఆ మినహాయింపు బడిది, యాప్ కంపెనీది కాదు. బడి చెప్పిన పనిని బడి కోసమే చేసిపెట్టే యాప్‌కి ఆ నీడ కొంత దొరుకుతుంది. అదే కంపెనీ అదే యాప్‌ను ప్లే స్టోర్లో నేరుగా ఇళ్లకి అందిస్తే ఆ నీడ ఉండదు. రెండు రకాల ఖాతాలనీ ఒకే డేటాబేసులో కలిపేసి, రెండింటికీ ఒకే అనుమతి అనుకోవడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే మామూలుది.

అందుకే నా తీర్పు ఒకే పేరు మీద ఉండదు. బడి ద్వారా వచ్చే యాప్ అయితే, మినహాయింపు ఉన్నా సరే, కాగితమే మేలు. కాకపోతే విడిగా ఒక్క పేజీ, తెలుగులో. ఏం తీసుకుంటారో, ఎందుకో, ఎవరికి చూపిస్తారో అందులో ఉండాలి. సంతకం పెట్టినవాళ్లకి టీచరు ఒక చీటీ ఇవ్వాలి, దాని మీద ఒక్కసారే పనిచేసే కోడు. ఆ కోడు కొడితేనే ఖాతా తెరుచుకుంటుంది. చీటీ పెద్దవాళ్ల చేతికే, మనిషిని చూసే ఇవ్వాలి, పిల్లలతో ఇంటికి పంపకూడదు. ఇళ్లకి నేరుగా వెళ్లే యాప్ అయితే డిజిలాకర్. అది కుదరనివాళ్లకి ఖాతా లేకుండా వాడుకునే దారి ఉంచాలి: పాఠాలు, అభ్యాసాలు అన్నీ పనిచేస్తాయి, మార్కులు ఆ ఫోనులోనే ఉంటాయి, సర్వర్‌కి ఏమీ రాదు. ఓటీపీని అనుమతి కోసం వాడొద్దు. "మీ పిల్లల పేరుతో ఖాతా తెరిచారు" అని కబురు చెప్పడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

అనుమతి ఎలా తీసుకున్నా, దాని వెనక ఏం తీసుకుంటున్నామన్నదే అసలు ప్రశ్న. ఇక్కడ పోటీ రెండింటి మధ్య: రెడీమేడ్‌గా దొరికే అనలిటిక్స్ పరికరం ఒకటి, సొంతంగా రాసుకునే చిన్న లాగ్ ఇంకొకటి. రెడీమేడ్‌ది గంటలో అతుకుతుంది. కానీ అనుమతి తెర కనబడకముందే అది పని మొదలుపెట్టేస్తుంది. ఫైర్‌బేస్ అనలిటిక్స్‌నే తీసుకుంటే, మనం ఆపకపోతే యాప్ మొదటిసారి తెరవగానే `first_open` అనే ఈవెంట్ దానంతటదే నమోదవుతుంది. అమ్మ ఇంకా కాగితం చదువుతుండగానే పిల్ల ఫోను వివరాలు బయటికి వెళ్లిపోయాయన్నమాట. పైగా ప్రకటనల గుర్తింపు సంఖ్యను చదివే `AD_ID` అనుమతి, మనం రాయకపోయినా, ఆ పరికరం వెంట మన యాప్‌లోకి వచ్చి కలుస్తుంది. రెండింటినీ మేనిఫెస్టులో ఇలా ఆపొచ్చు:

```xml
<!-- manifest ట్యాగులో xmlns:tools="http://schemas.android.com/tools" ఉండాలి -->
<uses-permission
  android:name="com.google.android.gms.permission.AD_ID"
  tools:node="remove" />

<!-- application లోపల -->
<meta-data
  android:name="firebase_analytics_collection_enabled"
  android:value="false" />
```

రాసి వదిలేయకండి. ఆండ్రాయిడ్ స్టూడియోలో `Merged Manifest` ట్యాబ్ తెరిచి `AD_ID` నిజంగా పోయిందో లేదో చూడండి. ఆ తర్వాత కొత్త ఫోనులో యాప్ వేసి, ప్రాక్సీ పెట్టి, అనుమతి తెర దగ్గరే ఐదు నిమిషాలు ఆగండి. ఆ ఐదు నిమిషాల్లో బయటికి వెళ్లే ప్రతి అభ్యర్థననీ చూడండి. మీ సొంత సర్వర్ కాక ఇంకెవరి చిరునామా కనబడినా, అదెందుకో చెప్పలేకపోతే తీసేయండి.

సొంత లాగ్‌తో ఎంత సరిపోతుందో చూద్దాం. 40 మంది ఉన్న ఎనిమిదో తరగతి, అకరణీయ సంఖ్యల పాఠం. టీచరమ్మకి కావలసింది ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారన్నది. దానికి నాలుగు గడులు చాలు: విద్యార్థి కోడు, ప్రశ్న సంఖ్య, ఇచ్చిన జవాబు, తేదీ. భిన్నాల కూడికలో హారాలు నేరుగా కూడేస్తున్నవాళ్లు 11 మంది ఉన్నారనుకోండి, ఈ నాలుగు గడుల నుంచే అది బయటపడుతుంది. ఏ ఊరినుంచి, ఏ ఫోనులో, రాత్రి ఎన్ని గంటలకి, ఒక్కో తెర మీద ఎన్ని సెకన్లు అన్నవి ఆవిడకి అక్కర్లేదు. పిల్లల పేర్లు యాప్‌లో ఉండనక్కర్లేదు కూడా. పేరూ కోడూ కలిపిన పట్టిక బడి బీరువాలో ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త: కోడుగా రోల్ నంబరు పెట్టకండి. క్లాసులో 17 ఎవరో అందరికీ తెలుసు. వరసలేని అక్షరాలు, అంకెలు కలిపి ఇవ్వండి.

"ముందు అన్నీ తీసుకుందాం, టర్మ్ అయ్యాక చెరిపేద్దాం" అనే వాదన మా ఆఫీసులోనూ వచ్చింది. కొత్త నియమాలతో అది నిలబడదు. తీసుకున్న వ్యక్తిగత డేటానీ దాని లాగ్‌లనీ కనీసం ఏడాది పాటు దాచి ఉంచమని ఆ నియమాలే చెబుతున్నాయి. అంటే ఒకసారి తీసుకున్న అనవసరపు గడిని ఏడాది పాటు కాపాడే బరువు మన మీదే పడుతుంది, ఆ ఏడాదిలో సర్వర్‌కి కన్నం పడితే అదీ పోతుంది. కాబట్టి హద్దు గీయాల్సింది చెరిపే దగ్గర కాదు, తీసుకునే దగ్గర.

చివరిగా, బడి కాగితంలో ఉన్న ఒక లోపాన్ని దాచలేను. అనుమతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలని చట్టం అంటోంది. కాగితం మీద ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవాలంటే అమ్మ కూలి మానుకుని మళ్లీ బడికి రావాలా? మేము ఆ చీటీ వెనకాలే ఒక నంబరు అచ్చువేశాం. ఇంటి నంబరు నుంచి దానికి మిస్డ్ కాల్ ఇస్తే, మా మనిషి తిరిగి ఫోన్ చేసి, తెలుగులో మాట్లాడి, నిర్ధారించుకుని ఖాతా ఆపేస్తారు. ఆపిన మరునాడు పిల్ల యాప్ తెరిస్తే పాఠాలు మామూలుగానే ఉండాలి, మార్కులు ఫోనులోనే మిగలాలి, టీచరు పట్టికలో ఆ వరస ఖాళీగా కనబడాలి. ఆ ఖాళీ ఎందుకని పిల్లని క్లాసులో నిలబెట్టి అడగకూడదని మేము టీచర్లకి ఇచ్చే కాగితంలో విడిగా రాశాం.