సాదా కెపాసిటర్ బ్యాంకా, రియాక్టర్ ఉన్న బ్యాంకా: 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏది మేలు?

వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల రైస్ మిల్లుల వాళ్లు, జిన్నింగ్ మిల్లుల వాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: పవర్ ఫ్యాక్టర్ సరిచేయడానికి, కెపాసిటర్లను స్టెప్పులుగా తనంతట తానే కలుపుతూ తీసేస్తూ ఉండే సాదా ఏపీఎఫ్‌సీ ప్యానెల్ సరిపోతుందా, లేక ఎక్కువ ఖర్చు పెట్టి రియాక్టర్లు కూడా ఉండే డీట్యూన్డ్ ప్యానెల్ తీసుకోవాలా? ధర కన్నా ముందు చూడవలసింది, మనం పెట్టే కెపాసిటర్లు మన ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిసి ఏ హార్మోనిక్ దగ్గర రెజొనెన్స్‌కు వస్తాయన్నది. నా దృష్టిలో ఎంపికను తేల్చేది అదే. హార్మోనిక్ అంటే 50 హెర్ట్జ్‌కు ఐదు, ఏడు వంటి రెట్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే కరెంటు; రెజొనెన్స్ అంటే అలాంటి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఆ కరెంటు బాగా పెరిగిపోవడం.

హుజూరాబాద్ వైపు ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో నేను చేసిన లెక్కను చెబుతాను. అక్కడ 11 కేవీ నుంచి 433 వోల్టులకు దించే 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, దాని ఇంపీడెన్స్ 4.5 శాతం. లోడు 300 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.78. దాన్ని 0.98కి తేవాలంటే దాదాపు 180 కేవీఏఆర్ చాలు. అయినా ట్రాన్స్‌ఫార్మర్‌లో 45 శాతం అనే లెక్కతో, 25 చొప్పున తొమ్మిది స్టెప్పులుగా 225 కేవీఏఆర్ సాదా బ్యాంకు అంతకుముందే పెట్టి ఉంది. లోడులో సుమారు సగం, మోటార్ల వేగాన్ని మార్చే డ్రైవుల మీద నడుస్తుంది. ఆరు డయోడ్ల రెక్టిఫయర్ ఉన్న డ్రైవులు ముఖ్యంగా 5వ, 7వ హార్మోనిక్‌లను వదులుతాయి.

రెజొనెన్స్ ఎక్కడ పడుతుందో ఈ చిన్న సూత్రం చెబుతుంది:

```
h = √(Ssc / Qc)
```

ఇందులో Ssc అంటే సెకండరీ వైపు షార్ట్ సర్క్యూట్ కేవీఏ, Qc అంటే కెపాసిటర్ల కేవీఏఆర్. 500ని 0.045తో భాగిస్తే 11,111 వస్తుంది. దాన్ని 225తో భాగించి వర్గమూలం తీస్తే 7.03, అంటే సరిగ్గా 7వ హార్మోనిక్ మీదే. 11 కేవీ లైను ఇంపీడెన్స్‌ను కూడా కలిపితే Ssc కొంత తగ్గుతుంది, కాబట్టి ఎనిమిది స్టెప్పులున్నా ఫలితం 7కు దగ్గరికే వస్తుంది. ఏపీఎఫ్‌సీలో స్టెప్పులు మారిన ప్రతిసారీ రెజొనెన్స్ వచ్చే చోటు కూడా మారుతుంది కనుక, ఒక్క బ్యాంకు సైజుకు లెక్క చూసి వదిలేయడం సరిపోదు, ప్రతి స్టెప్పుకూ చూడాలి.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు, ట్రూ ఆర్‌ఎంఎస్ క్లాంప్ మీటరు చాలు. 440 వోల్టుల 25 కేవీఏఆర్ కెపాసిటర్ 415 వోల్టుల దగ్గర 31 ఆంపియర్లు తీసుకోవాలి. పక్కన ఎన్ని స్టెప్పులు చేరినా ఈ అంకె మారకూడదు. ఆ మిల్లులో ఐదు స్టెప్పులున్నప్పుడు 33 చూపిన మీటరు, ఎనిమిదోది చేరగానే 39 చూపింది. ఆ పెరుగుదలే రెజొనెన్స్‌కు గుర్తు. కెపాసిటరు తట్టుకోగల 1.3 రెట్ల హద్దు, అంటే 43 ఆంపియర్లు, ఇంకా దాటలేదు గానీ, రాత్రి లోడు తగ్గి వోల్టేజి పెరిగినప్పుడు ఆ మిగులు మిగలదు. ఫ్యూజులు పోవడం, డబ్బాలు ఉబ్బడం అప్పటికే మొదలైంది.

డీట్యూన్డ్ బ్యాంకులో ప్రతి స్టెప్పుకూ 7 శాతం రియాక్టర్ వరుసలో ఉంటుంది. దానివల్ల కెపాసిటరు, రియాక్టరు కలిసిన ఆ శాఖ ట్యూనింగ్ 189 హెర్ట్జ్ దగ్గర, 5వ హార్మోనిక్ అయిన 250 హెర్ట్జ్ కన్నా కింద పడుతుంది. అంతకు పైన శాఖ ఇండక్టివ్‌గా మారుతుంది కాబట్టి, ఎన్ని స్టెప్పులు కలిసినా 5, 7 హార్మోనిక్‌ల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్‌తో రెజొనెన్స్ రాదు. ఆ మిల్లుకు నేను దీన్నే సూచించాను, డ్రైవులు ఇంత వాటా ఉన్న చోట మళ్లీ ఇదే సూచిస్తాను.

ఆర్డరు ఇచ్చేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంటుంది. రియాక్టర్ వల్ల కెపాసిటరు మీద వోల్టేజి 7.5 శాతం పెరుగుతుంది కనుక 440 వోల్టుల కెపాసిటర్లు తీసుకోకూడదు, 525 వోల్టులవి తీసుకోవాలి. కానీ 525 దగ్గర 25 అని రాసి ఉన్నది రియాక్టర్‌తో కలిసి 415 దగ్గర ఇచ్చేది 17 కేవీఏఆరే. నిజంగా 25 కావాలంటే 525 వోల్టుల దగ్గర 37 రేటింగ్ ఉన్నది కొనాలి. రియాక్టర్లు వేడెక్కుతాయి, ఊక దుమ్ము ప్యానెల్ ఫిల్టర్లను మూసేస్తుంది కాబట్టి వాటిని తరచుగా శుభ్రం చేయాలి.

డ్రైవులు ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యంలో 15 శాతం లోపే ఉండి, స్టెప్పుల లెక్క 5, 7లకు దూరంగా వస్తే సాదా బ్యాంకు చాలు. మోటార్లే ఎక్కువున్న పాత జిన్నింగ్ మిల్లులు కొన్ని అలాంటివే. 3వ హార్మోనిక్ ఎక్కువుంటే 14 శాతం రియాక్టర్ చూడాలి. యాక్టివ్ ఫిల్టరు, హార్మోనిక్‌లనే తగ్గించవలసి వచ్చినప్పటి మాట.

డీట్యూన్డ్ ప్యానెల్ పెట్టాక, మోటార్ల దగ్గర ఉన్న పాత సాదా కెపాసిటర్లను తప్పక తీసేయాలి. అవి అదే బస్‌బార్ మీద ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్‌తోనూ రియాక్టర్ శాఖలతోనూ కలిసి మళ్లీ రెజొనెన్స్ పుట్టిస్తాయి. ఆ మిల్లులో అలాంటివి నాలుగు దొరికాయి, అందులో ఒకటి ఎలివేటర్ మోటారు వెనక బస్తాల చాటున ఉంది.