దిద్దినవి ఇవి, అడిగినవి ఇవి: ఏడేళ్లుగా వాడుతున్న ఒక చిన్న ఉత్తరం

దిద్దిన ఫైలుతో పాటు క్లయింటుకు ఒక చిన్న ఉత్తరం పంపడం ఏడేళ్లుగా నా అలవాటు. ఏడెనిమిది వాక్యాలు, అంతకు మించదు. ఏవి నేనే మార్చేశాను, ఏవి ముట్టుకోకుండా వారి నిర్ణయానికి వదిలాను అన్నది చెప్పడమే దాని పని. వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్ పెట్టి దిద్దితే మార్పులన్నీ రంగుల్లో కనిపిస్తూనే ఉంటాయి కదా, మళ్లీ ఉత్తరం దేనికని మొదట్లో నేనూ అనుకున్నాను.

ఆ భ్రమ ఒక వార్షిక నివేదికతో తీరింది. ‘సభ్యుల్లో సగానికి పైగా శిక్షణ పూర్తిచేశారు’ అని వాక్యం. దాని కింద పట్టికలో 46 శాతం. సగానికి తక్కువే కదా అని ‘సగానికి దగ్గరగా’ అని దిద్దాను. అది సూచన అని నా మనసులో ఉంది గానీ ఆ సంగతి ఫైలుకు తెలియదు. దీర్ఘం దిద్దినా, అర్థం మార్చినా వర్డ్ గీసేది అదే రంగు గీత. ఫైలులో రెండు వందలకు పైగా మార్పులున్నాయి. క్లయింటు మొదటి ముప్పై చూశారు, అన్నీ గుణింతాలూ కామాలే అని నమ్మకం కుదిరింది, Accept All Changes నొక్కేశారు. తీరా చూస్తే పొరపాటు పట్టికది. అసలు అంకె 64, టైపు చేసేటప్పుడు తిరగబడింది. సరిగ్గా ఉన్న వాక్యాన్ని నేను చెడగొట్టాను, తప్పుడు పట్టిక అలాగే అచ్చయింది.

కాబట్టి ఉత్తరం కన్నా ముందు ఫైలులోనే రెంటినీ విడదీయాలి. నేను బాధ్యత తీసుకోగలిగినవి ట్రాక్ ఛేంజెస్‌లోకి. రాసినవారికి మాత్రమే తెలిసిన విషయం మీద ఆధారపడినవి కామెంట్లోకి, మూలవాక్యం ఉన్నది ఉన్నట్టే ఉంచి. మార్పులన్నిటినీ ఒక్క నొక్కుతో ఆమోదించినా కామెంట్లు మాత్రం పక్కన అలాగే ఉండిపోతాయి. నాకు కావలసింది అదే.

ఇప్పుడు నేను పంపే ఉత్తరం సుమారుగా ఇలా ఉంటుంది:

‘అక్షరదోషాలు, విరామచిహ్నాలు, వాక్యంలో కర్తకూ క్రియకూ పొత్తు కుదరని చోట్లు సరిచేశాను. ఇవన్నీ ట్రాక్ ఛేంజెస్‌లో ఉన్నాయి. అర్థం మారదు కాబట్టి ఒకేసారి ఆమోదించవచ్చు. రెండేసి ఖాళీలను ఒకటి చేయడం, కొటేషన్ గుర్తులను ఒకే తీరుకు తేవడం మాత్రం ట్రాకింగ్ ఆపి చేశాను, అవి మీకు కనిపించవు. కామెంట్లు 11 ఉన్నాయి, ఆ చోట్ల నేనేమీ మార్చలేదు. అందులో రెండింటి మొదట “జవాబు కావాలి” అని రాశాను: శిక్షణ విభాగంలో అంకె, ముందుమాటలో అధ్యక్షుల హోదా. ఆ రెండూ తేలేవరకు అచ్చుకు పంపవద్దు. మిగతా తొమ్మిది సూచనలే, నచ్చకపోతే తీసేయండి.’

ఇందులో చాలామంది వదిలేసేది కనిపించని మార్పుల సంగతి. ఒక క్లయింటు తమ పాత ఫైలునూ నేను పంపినదాన్నీ వర్డ్‌లోని Compareలో పెట్టి చూశారు. నేను చెప్పని తేడాలు వందల్లో బయటపడ్డాయి. అన్నీ ఖాళీలే, కానీ దాచానన్న అనుమానం పోగొట్టడానికి నాకు వారం పట్టింది. కామెంట్లను పేజీ సంఖ్యతో చెప్పడం కూడా మానేశాను. ఫాంటు మారితే, మార్జిన్ మారితే నా 12వ పేజీ వారి కంప్యూటర్లో 13 అవుతుంది. విభాగం పేరు ఎక్కడికీ పోదు.

ఉత్తరాన్ని ఫైలు మొదటి పేజీలోనే పెట్టి చూశాను. అది పుస్తకంతో పాటు ముద్రణకు వెళ్లబోయి చివరి నిమిషంలో ఆగింది. ఇప్పుడు మెయిల్‌లోనే రాస్తున్నాను. ప్రతి దిద్దుబాటుకూ వ్యాకరణ కారణం చెబుతూ రెండు పేజీలు రాసిన రోజులూ ఉన్నాయి. ‘అయితే ఇప్పుడు నేనేం చేయాలి?’ అని ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది.

గూగుల్ డాక్స్‌లో ఈ పద్ధతి కాస్త తడబడుతుంది. అక్కడ దిద్దే తీరు పేరే Suggesting, నేను చేసిన ప్రతి కామా సూచనగానే కనబడుతుంది. అందుకే అక్కడ పంపేటప్పుడు ‘తెరమీద సూచన అని కనిపించినవన్నీ నేను ఖాయం చేసిన దిద్దుబాట్లే, నా సందేహాలు కామెంట్లలో మాత్రమే ఉన్నాయి’ అని ఒక వాక్యం అదనంగా చేరుస్తాను.

ఇంత చేసినా ఉత్తరం చదవనివారు చదవరు. ఫైలు పావుగంటలో తిరిగివచ్చి, ఒక్క కామెంటూ మిగలకుండా, ఒక్క జవాబూ లేకుండా ఉంటే చదవలేదనే అర్థం. అప్పుడు ఫోను చేసి ఆ రెండు ప్రశ్నలే అడుగుతాను. మిగతా తొమ్మిదింటి ఊసు ఎత్తను.