సగం తప్పు మాదే అన్నారు, 1,400 రూపాయల క్రెడిట్ ఇచ్చారు: నాలుగేళ్ళ ఆర్వో ఏఎంసీ గురించి

మా ఆర్వో నీళ్ళ శుద్ధి మెషిన్ ఎన్ని లీటర్లది, ఎన్ని దశలది అన్న సంగతులు డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. ఏఎంసీ, అంటే వార్షిక నిర్వహణ ఒప్పందం ఉన్నా మెంబ్రేన్ అనే ఉప్పు వడపోత భాగం 14 నెలలకే పాడైందని ఫిర్యాదు చేశాను. ఈ సమీక్షంతా ఆ ఫిర్యాదుకు కంపెనీ రాసిన జవాబు గురించే. అందులో ఒక వాక్యం చదివి నిజంగా సంతోషించాను, దాని కిందిదే చదివి అంత కోపమూ వచ్చింది. సంతోషపెట్టిన వాక్యం ఇది: "మార్చిలో మార్చాల్సిన కార్బన్ ఫిల్టరును జూన్ చివర్లో మార్చాం, ఆ ఆలస్యం మాదే." అసౌకర్యానికి చింతిస్తున్నాం అని చేతులు దులుపుకోకుండా ఏ పని, ఎప్పుడు, ఎంత ఆలస్యమైందో రాశారు. కోపం తెప్పించింది తర్వాతి వాక్యం: "అయితే మీ నీళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి మెంబ్రేన్ పాడవడంలో సగమే మా బాధ్యత."

మా సంపులో బోరు నీళ్ళు, మున్సిపల్ నీళ్ళు కలుస్తాయి. హైదరాబాద్ శివారు అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల ఇదే పరిస్థితి. ఈ కలగాపులగం నీళ్ళు మెంబ్రేన్‌ను రెండు రకాలుగా దెబ్బతీస్తాయి. బోరు నీళ్ళ కాల్షియం పైన తెల్లటి పొరగా పేరుకుంటుంది. మున్సిపల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది మెంబ్రేన్ పైనుండే పల్చటి పాలిఅమైడ్ పొరను తినేస్తుంది. ఆ క్లోరిన్‌ను ముందే పట్టి ఆపడం కార్బన్ ఫిల్టరు పని. కార్బన్ అరిగిపోయాక కూడా మెషిన్ మామూలుగానే నడుస్తుంది, నీళ్ళూ మామూలుగానే వస్తాయి. లోపల మెంబ్రేన్ దెబ్బతింటున్నట్టు బయటికి తెలియదు.

ఈ రెండింటిలో ఏది జరిగిందో మెంబ్రేన్ కోసి చూడకుండానే చెప్పవచ్చు. కావలసినవి నీళ్ళలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు, లీటరు సీసా, గడియారం. తెల్లపొర పేరుకుంటే నీళ్ళు వెళ్ళే దారి మూసుకుపోయి మంచినీళ్ళ ధార సన్నబడుతుంది, టీడీఎస్ కూడా మెల్లగా పెరుగుతుంది. క్లోరిన్ తింటే తీరు వేరు. పొర చిల్లులు పడ్డ జల్లెడలా అవుతుంది కాబట్టి టీడీఎస్ పెరుగుతుంది, ధార మాత్రం తగ్గకపోగా ఎక్కువవుతుంది.

కొలిచేటప్పుడు మూడు జాగ్రత్తలు. టీడీఎస్ కంట్రోలర్ ఉన్న మెషిన్లలో కుళాయి దగ్గర కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే అక్కడికి కొంచెం శుద్ధి చేయని నీళ్ళు కలిపి పంపుతారు. మెంబ్రేన్ నుంచి వచ్చే సన్న పైపు దగ్గరే పట్టాలి. ఆగి ఉన్న మెషిన్‌లో మొదటి నీళ్ళకు టీడీఎస్ ఎక్కువ చూపిస్తుంది, పది నిమిషాలు నడిపాక కొలవాలి. లోపలికి వెళ్ళే నీళ్ళనూ అదే పూట కొలవాలి, సంపులో బోరు నీళ్ళ వాటా రోజూ ఒకేలా ఉండదు కదా.

మెంబ్రేన్ కొత్తగా వేసిన ఏప్రిల్‌లో టీడీఎస్ లోపలికి 640, బయటికి 45 వచ్చింది. అంటే నూటికి 93 పాళ్ళు ఉప్పు ఆగింది. లీటరు నిండటానికి అయిదు నిమిషాలు పట్టింది. పద్నాలుగు నెలల తర్వాత, ఈ జూన్‌లో లోపలికి 620, బయటికి 215. ఆగింది 65 పాళ్ళే. లీటరు మాత్రం నాలుగు నిమిషాల్లో నిండింది. నీళ్ళు వెచ్చబడితే ధార పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 3 శాతం. కానీ ఆ ఏప్రిల్, ఈ జూన్ రెండూ ఎండాకాలపు నీళ్ళే కాబట్టి అంత తేడాకు అదొక్కటే కారణం కాదు. మెంబ్రేన్‌కు ఉండే రబ్బరు ఓరింగ్ చిరిగినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. మెంబ్రేన్ ఉండే హౌసింగ్ విప్పినప్పుడు రింగులు రెండూ బాగానే ఉన్నాయి.

కంపెనీ చూపించిన తెల్లపొర ఫోటో నిజమే. పాత మెంబ్రేన్ మీదా అలాంటి పొరే ఉండేది, అయినా అది ఇవే నీళ్ళతో 24 నెలలు నడిచింది. ఉప్పే ప్రధాన కారణమైతే ధార తగ్గాలి. పెరిగిందంటే ఆలస్యానిదే పెద్ద వాటా, సగం కాదు. జవాబులో ఈ ఒక్క ముక్కతో నేను ఏకీభవించలేదు.

డబ్బు లెక్క వేసి చూస్తే ఇచ్చింది తక్కువేమీ కాదు, అది కూడా చెప్పాలి. మెంబ్రేన్ బిల్లు 2,800. అది 24 నెలలు రావాల్సింది, 14 నెలలే వచ్చింది. పోయిన పది నెలల విలువ సుమారు 1,167 రూపాయలు. వాళ్ళిచ్చిన క్రెడిట్ 1,400. పూర్తి తప్పు వాళ్ళదే అనుకున్నా మెంబ్రేన్ మటుకు నష్టం తీరినట్టే. మధ్యలో కొన్న నీళ్ళ క్యాన్ల ఖర్చును మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

చిక్కంతా షరతుల్లో ఉంది. క్రెడిట్‌ను ఏఎంసీ రెన్యువల్‌లోనే వాడుకోవాలి, గడువు 90 రోజులు. జవాబు వచ్చింది జులైలో. నా ఏఎంసీ ముగిసేది నవంబరులో. అంటే వాడుకునే రోజు రాకముందే, అక్టోబరులోనే క్రెడిట్ పోతుంది. ఇది కావాలని పెట్టారని అనను, అందరికీ ఒకటే గడువు పెట్టే పద్ధతి కావచ్చు. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూడనివాళ్ళకు ఆ 1,400 కాగితం మీదే మిగిలిపోతుంది. "ఈ క్రెడిట్‌తో ఫిర్యాదు పూర్తిగా పరిష్కారమైనట్టు అంగీకరిస్తున్నాను" అన్న గడి కూడా ఉంది. గడువు సంగతి తేలేదాకా దాన్ని నొక్కలేదు.

తిరిగి నాలుగు వాక్యాలు రాశాను: మెంబ్రేన్ బిల్లులోనే తగ్గించండి, లేదా గడువును రెన్యువల్ తేదీ దాకా పొడిగించండి, టీడీఎస్, ధార కొలతలు ఇవి, సర్వీసు కార్డు ఫోటో జతచేశాను. అయిదు రోజులకు జవాబు వచ్చింది. బిల్లులో తగ్గించడం కుదరదన్నారు, గడువును నవంబరు 30 దాకా పొడిగించారు. అప్పుడు ఒప్పుకున్నాను. కుదరకపోతే 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు వెళ్ళేదాన్ని. ఒప్పుకున్న సేవను సమయానికి ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపమే, పైగా ఆలస్యాన్ని వాళ్ళే రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఆ వాక్యం విలువ క్రెడిట్ కంటే తక్కువేమీ కాదు. ఆ మెయిల్‌ను దాచుకున్నాను.

మొదటి మూడేళ్ళూ ఈ సర్వీసు బాగుందని అందరికీ చెప్పాను. ఇప్పుడు కార్డు తిరగేసి చూస్తే ప్రతి సందర్శనలో టిక్కులున్నాయి, టీడీఎస్ అంకె మాత్రం రెండుసార్లే రాసుంది. అప్పట్లో బాగా నడిచింది మెంబ్రేన్ కొత్తది కావడం వల్లనో, సర్వీసు వల్లనో ఇప్పుడు నాకు తేలడం లేదు.

రెన్యువల్ చేయిద్దామనే అనుకుంటున్నాను, సొంతిల్లు, క్రెడిట్ వాడుకునే వీలూ ఉంది. అద్దె ఇంట్లో ఉండి నవంబరులోపు మారేదాన్నయితే ఇదే జవాబును ఒప్పుకునేదాన్ని కాదు, బిల్లులో తగ్గింపు కోసం పట్టుబట్టేదాన్ని. పూర్తిగా బోరు నీళ్ళే వాడేవాళ్ళకు క్లోరిన్ బెడద ఉండదు కాబట్టి కార్బన్ ఆలస్యం ఇంత నష్టం చేయదు. అక్కడ కంపెనీ చెప్పిన ఉప్పు వాదనే నిజం కావచ్చు. ఈసారి కార్బన్ మార్పు తేదీని నేనే క్యాలెండరులో రాసుకున్నాను, సెప్టెంబరు 25. ఆ రోజు ఎవరూ రాకపోతే ఈ సమీక్షను మారుస్తాను.