పొడుగు మనిషి నడక, పొట్టి మనిషి కాళ్లు: మూడేళ్లు వాడాక IK Retargeter గురించి

అన్‌రియల్ ఇంజిన్ 5తో 2022లో వచ్చిన IK Retargeterని మూడేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను. ఒక స్కెలిటన్ కోసం చేసిన యానిమేషన్‌ను ఇంకో స్కెలిటన్‌కు ఎక్కించడం దీని పని. రెండూ ఒకే కొలతల్లో ఉంటే పది నిమిషాల్లో పని అయిపోతుంది, దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. కొలతలు తేడాగా ఉన్నప్పుడే దీని సంగతి తెలుస్తుంది. అందుకే నన్ను ఎక్కువ రోజులు కూర్చోబెట్టిన ఒక్క పాత్ర గురించే చెబుతాను.

మోషన్ క్యాప్చర్ ఇచ్చినది 180 సెంటీమీటర్ల మనిషి. తుంటి నుంచి చీలమండ దాకా కాలు 90 సెంటీమీటర్లు. ఎక్కించాల్సింది పొట్టిగా, భుజాలు బాగా వెడల్పుగా ఉన్న యోధుడికి. అతని కాలు 54 మాత్రమే. మొదటిసారి ఎక్కించి ప్లే చేస్తే పాదాలు మంచు మీద నడుస్తున్నట్టు జారాయి, భుజాలు పక్కటెముకల్లోకి కుంగిపోయాయి.

ముందు పాదాలు. ఈ టూల్ ప్రధానంగా కోణాలను తీసుకెళ్తుంది. అదే కోణంలో తిరిగినా 54 సెంటీమీటర్ల కాలు వేసే అడుగు, 90 సెంటీమీటర్ల కాలు వేసే అడుగులో 0.6 వంతే. అసలు మనిషి అడుగు 75 సెంటీమీటర్లైతే మన యోధుడిది 45. శరీరం కూడా అంతే ముందుకు కదలాలి. కటి ఎముక కదలికను టూల్ తనంతట తానే తగ్గిస్తుంది. కానీ పాత్రను ముందుకు జరిపే కదలిక, అంటే రూట్ మోషన్, ఉండేది రూట్ బోన్‌లో. దానికి విడిగా ఒక చైన్, అంటే టూల్ ఒక జట్టుగా చూసే ఎముకల వరుస, పెట్టాను. దాని Translation Mode మొదట None అని ఉంటుంది, అంటే పాత్ర ఉన్నచోటే నడుస్తుంది. కదలితే చాలనుకుని నేను Absolute పెట్టాను. శరీరం 75, పాదం 45, అంటే అడుగుకు 30 సెంటీమీటర్ల జారుడు. పెట్టాల్సింది Globally Scaled.

అది పెట్టాక కూడా అడుగుకు నాలుగు సెంటీమీటర్ల దాకా జారుతూనే ఉంది. కారణం వెతకడానికి రెండు రోజులు పట్టింది. టూల్ నిష్పత్తి లెక్క కట్టేది కాలి పొడవుతో కాదు, నేల నుంచి కటి ఎముక ఎంత ఎత్తులో ఉందో దాంతో. అసలు మనిషికి అది 98, మా యోధుడికి మందపాటి బూట్ల వల్ల 64. అంటే 0.65. కాళ్ల నిష్పత్తేమో 0.6. ఆ కాస్త తేడాయే పాదాల కింద కనబడుతోంది. Scale Horizontal విలువను 0.92కి దించాక పాదం పట్టుకుంది. మందపాటి మడమలు, బూట్లు, గిట్టలు ఉన్న ఏ పాత్రకైనా నేనిప్పుడు ముందు చూసేది ఇదే.

జారుడు ఉందో లేదో ప్లే చేసి చూస్తే కన్ను మోసపోతుంది. పాదం నేలకు ఆనిన ఫ్రేమ్‌లో మునివేళ్ల దగ్గర ఒక చిన్న క్యూబ్ పెట్టి, మడమ లేచేదాకా ఒక్కో ఫ్రేమే జరిపి చూడండి. క్యూబ్ నుంచి వేళ్లు ఒక సెంటీమీటర్ దాటి జరిగితే ఆటలోనూ అది కనిపిస్తుంది.

మిగిలిన సన్నటి వణుకుకు Speed Planting బాగా పనిచేస్తుంది. పాదం వేగం ఒక హద్దు కంటే తగ్గినప్పుడు దాన్ని అక్కడే నిలిపి ఉంచుతుంది. ఆ హద్దు నేను 15 దగ్గరే ఉంచుతాను. అయితే అసలు యానిమేషన్‌లో పాదం వేగాన్ని చెప్పే కర్వ్ ముందే ఉండాలి. యానిమేషన్ మాడిఫైయర్‌తో దాన్ని తయారు చేసుకోవచ్చు. ఉన్నచోటే నడిచే క్లిప్ మీద మాత్రం ఇది పనిచేయదు. అక్కడ నేలకు ఆనిన పాదం కూడా వెనక్కి జరుగుతూనే ఉంటుంది కాబట్టి వేగం హద్దు కంటే ఎప్పుడూ తగ్గదు.

ఇంత చేశాక ఆటలో పెడితే మళ్లీ జారింది. ఈసారి తప్పు రీటార్గెట్‌ది కాదు. పాత్ర కదిలే వేగం పాత మనిషికి పెట్టిన సెకనుకు 150 సెంటీమీటర్లే ఉంది, కొత్త కాళ్లకు సరిపోయేది 90. నడకను 1.67 రెట్లు వేగంగా ప్లే చేస్తే పాదాలు నిలిచాయి గానీ, యోధుడు తడబడుతూ పరిగెడుతున్నట్టు కనిపించాడు. డిజైనర్‌తో మాట్లాడి 110కి ఒప్పించి, ప్లే రేటు 1.22 పెట్టాం. ఈ మాట మొదటి రోజే మాట్లాడుకోవాల్సింది.

భుజాల దగ్గర అయితే ఒకే లక్షణం వెనక మూడు కారణాలు ఉండొచ్చు. అందుకే టెన్షన్ ఎక్కువ. నేను ముందు చూసేది తప్పు ప్రతి ఫ్రేమ్‌లో ఒకేలా ఉందా, కదలికతో పాటు పెరుగుతోందా అని. ఒకేలా ఉంటే అది రీటార్గెట్ పోజు తప్పు. ఒకరు చేతులు చాపిన T పోజులో, ఇంకొకరు చేతులు వాల్చిన A పోజులో ఉంటే, ఆ తేడా యానిమేషన్ అంతటా చేతులకు అంటుకునే ఉంటుంది. చేతులు కలిపితే సరిపోదు, జత్రుక ఎముక, అంటే clavicle, కూడా కలవాలి. నేను మొదట చేతులు మాత్రమే కలిపాను. భుజం ఒక వేలు మందం కిందికి ఉండిపోయింది.

కదలికతో పెరిగితే clavicle పొడవు చూడాలి. మా యోధుడికి అది 24 సెంటీమీటర్లు, అసలు మనిషికి 15. చెయ్యి పైకెత్తినప్పుడు clavicle 20 డిగ్రీలు లేస్తే అసలు భుజం 5 సెంటీమీటర్లు లేస్తుంది, మా యోధుడి భుజం 8 లేచి చెవికి తగులుతుంది. చెయ్యి కిందికి లాగితే అంతే లోతుగా కుంగుతుంది. దీనికి clavicleని చేతి చైన్‌లో కలపకుండా విడి చైన్‌గా ఉంచి, దాని Rotation Alphaని 0.6కి తగ్గించాను. కుంగడం పోయింది. భుజాలు కొంచెం బిగుసుకున్నట్టు ఉంటాయి, కవచం వేసుకున్న పాత్రకు అది నప్పింది. సన్నటి పాత్ర అయితే నేను 0.8 కంటే దించను.

మూడోది, మెష్‌ను దాచేసి ఎముకలనే చూడండి. ఎముకలు సరైన చోటే ఉండి చర్మం మాత్రం నలిగితే, రీటార్గెటర్‌లో ఎంత తిప్పినా లాభం లేదు. తప్పు స్కిన్ వెయిట్స్‌లోనో, మోచేయి పైభాగం మెలికను పంచాల్సిన ట్విస్ట్ బోన్స్ కదలకపోవడంలోనో ఉంటుంది. ట్విస్ట్ బోన్స్‌ను ఏ చైన్‌లోనూ పెట్టకపోతే అవి కదలవు. మేము వాటిని పోస్ట్ ప్రాసెస్ యానిమ్ బ్లూప్రింట్‌తో నడుపుతున్నాం.

ఇప్పటికీ చేత్తో సరిచేస్తున్నవి రెండు. కాలు పూర్తిగా చాచే అడుగుల్లో మోకాలు టక్కున నిటారవుతుంది, అక్కడ కటిని రెండు సెంటీమీటర్లు దించుతాను. రెండు చేతులు కలిసే కదలికల్లో, అంటే చప్పట్లు, చేతులు కట్టుకోవడం లాంటివాటిలో, వెడల్పు భుజాల వల్ల అరచేతులు కలవవు. వాటికి నేను ఒక్కో క్లిప్ తీసుకుని చేత్తో కీఫ్రేమ్‌లు వేస్తున్నాను. మా దగ్గర అలాంటివి నలభై దాకా ఉన్నాయి, సగం అయ్యాయి.