అడ్మిన్‌ను టీచర్ కింద గీయాలా, విడిగానా?

ఆన్‌లైన్ పరీక్షల పోర్టల్‌కి, ఎవరు ఏ పని చేయగలరో చూపే యూజ్ కేస్ డయాగ్రమ్ గీసేటప్పుడు చాలామంది అడ్మిన్ నుంచి టీచర్ వైపు ఖాళీ త్రికోణం బాణం పెట్టేస్తారు. గీతలు తగ్గుతాయి, నిజమే. కానీ ఆ బాణానికి అర్థం, టీచర్ చేసేవన్నీ అడ్మిన్ కూడా చేయగలడని. అంటే ‘మార్కులు వేయడం’ కూడా! అకౌంట్లు తెరిచే మనిషి జవాబు పత్రాలు దిద్దొచ్చా?

రెండో పద్ధతిలో ‘యూజర్’ అనే ఉమ్మడి యాక్టర్‌ని, అంటే పోర్టల్‌ని వాడే పాత్రని పెట్టి, విద్యార్థి, టీచర్, అడ్మిన్ ముగ్గురి బాణాలూ దానివైపే గీస్తాం. ‘ఫలితాలు చూడటం’ యూజర్‌కి, ‘మార్కులు వేయడం’ టీచర్‌కి, ‘అకౌంట్ తెరవడం’ అడ్మిన్‌కి. గీతలు కాస్త పెరుగుతాయి, అయినా నా ఓటు దీనికే. ఎవరి ఫలితాలు ఎవరు చూడొచ్చన్నది మాత్రం బొమ్మలో పట్టదు, యూజ్ కేస్ వివరణలో రాయాల్సిందే.

అడ్మిన్ నిజంగానే పేపర్లు దిద్దే చిన్న పోర్టల్‌కైతే మొదటిదే చాలు.