ఆరుగురికి ఒకే ఫ్లోటర్: మిగిలిన 22 వేలే ముంచాయి

నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మా నాన్నా. ఆరుగురికీ కలిపి 5 లక్షల ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదీ ఒకే మొత్తాన్ని పంచుకునే హెల్త్ ఇన్సూరెన్స్, ఒకటి ఐదేళ్లు వాడాం. ఎవరు అడిగినా కళ్లు మూసుకుని తీసుకోమనేవాణ్ణి. పోయిన జూన్‌లో సూర్యారావుపేటలో నాన్నగారికి బైపాస్ చేస్తే 4,78,000 క్యాష్‌లెస్‌లోనే తేలిపోయింది. గ్లౌజులు, మాస్కుల్లాంటి వాటికి తప్ప జేబులో చెయ్యి పెట్టలేదు. ఆ సంతోషంలో ఏజెంటుకి పూతరేకులు కూడా పంపాను.

అక్టోబర్‌లో చిన్నాడికి డెంగీ వచ్చింది. నాలుగు రోజులకు బిల్లు 61,000. నాకేం టెన్షన్ లేదు, మన పాలసీలో రీస్టోర్ ఉందిగా, అయిపోయిన డబ్బు మళ్లీ నిండుతుందిగా అని. డిశ్చార్జి రోజు ఇన్సూరెన్స్ డెస్కు అమ్మాయి స్క్రీన్ నావైపు తిప్పింది. ఆమోదించింది 22,000. మిగతా 39,000 మేమే కట్టుకోవాలి.

ఆ రాత్రి పాలసీ కాగితాలు మొదటిసారి పూర్తిగా చదివాను. అసలు మొత్తం పూర్తిగా అయిపోతేనే రీస్టోర్ అట. నాన్నగారి ఆపరేషన్ తర్వాత 22,000 మిగిలింది కాబట్టి నిండలేదు. చిన్నాడి బిల్లుతో అది సున్నా అయ్యింది, అప్పుడు నిండింది. కానీ అది ఆ తర్వాతి క్లెయిమ్‌కే పనికొస్తుంది. అంటే నాన్నగారి బిల్లు ఇంకో 22 వేలు ఎక్కువ వచ్చి ఉంటే పిల్లాడి బిల్లు మొత్తం వచ్చేది! 'ఇదెక్కడి లెక్కరా' అంది అమ్మ. కొన్ని పాలసీల్లో కొంత వాడినా నిండుతుంది, కొన్నింట్లో అదే మనిషికి అదే జబ్బుకి రాదు. బ్రోచర్‌లో మాత్రం అన్నింటికీ రీస్టోర్ అనే ఒకే మాట.

పైగా ఫ్లోటర్‌లో ప్రీమియం లెక్క అందరికంటే పెద్దవాళ్ల వయసును బట్టి. పదేళ్ల పిల్లలున్న పాలసీకి మేం నాన్నగారి వయసు రేటు కట్టాం.

రెన్యువల్‌లో విడదీశాం. మాకూ పిల్లలకూ 10 లక్షల ఫ్లోటర్, అమ్మకీ నాన్నకీ చెరో 5 లక్షల ఇండివిడ్యువల్. అదే కంపెనీలోనే మారాం. ముందునుంచీ ఉన్న జబ్బులకు మొదట్లో కొన్నాళ్లు క్లెయిమ్ ఇవ్వరు, దాన్నే వెయిటింగ్ పీరియడ్ అంటారు. నాన్నగారి షుగర్‌కి అందులో గడిచిన కాలం పోదని మెయిల్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టాం. మాకు పెంచిన 5 లక్షలకు మాత్రం వెయిటింగ్ కొత్తగా మొదలైంది. నాన్నగారి పాలసీలో 20 శాతం కో-పే కూడా పడింది, అంటే క్లెయిమ్‌లో ఐదో వంతు మేమే కట్టుకోవాలి. అది నచ్చలేదు.

మొత్తం ఖర్చు పెరిగింది. తమ్ముడు సగం పంచుకుంటున్నాడు కాబట్టి నెట్టుకొస్తున్నాం, లేకపోతే విడదీయమని ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ణి కాదు. మీ పెద్దవాళ్లు ఇంకా యాభైల్లోనే ఉండి, ముందునుంచీ ఉన్న జబ్బులేవీ లేకపోతే మీ లెక్క వేరుగా ఉండొచ్చు.

అమ్మ ఇంతవరకూ ఒక్క క్లెయిమూ చెయ్యలేదు. ఆవిడ 5 లక్షలు ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉన్నాయి. ప్రీమియం కట్టే నెలలో మాత్రం మా ఆవిడ నాతో ముభావంగా ఉంటుంది.